బ్యాంకు వల్ల పేమెంట్ ఆలస్యమైతే సప్లయర్ వేసిన వడ్డీని మాఫీ చేయించుకోవడం ఎలా?

గడువు రోజే బ్యాంకులో ఆర్‌టీజీఎస్ ఫారం ఇచ్చారు. డబ్బు మాత్రం మూడు రోజుల తర్వాత సప్లయర్‌కు చేరింది. వారం తిరక్కుండానే లెడ్జర్‌లో ఆలస్యపు వడ్డీ పడింది. ఇలాంటి వడ్డీ చాలావరకు మాఫీ అవుతుంది, కానీ అడిగే పద్ధతిలో అడగాలి. సప్లయర్ మనసులో ఉండే అనుమానం ఒక్కటే: ‘చేతిలో డబ్బు లేక ఆపి, నెపం బ్యాంకు మీద పెడుతున్నారా?’ మీ కాగితాలు ఆ అనుమానాన్ని తీర్చాలి.

ఒక పెయింట్ల షాపు లెక్క తీసుకుందాం. బిల్లు రూ.6,40,000, తేదీ నవంబరు 12, గడువు 30 రోజులు. అంటే డిసెంబరు 12 లోపు కట్టాలి. ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం ఫారం ఇచ్చారు, కౌంటర్‌లో తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. కానీ లోపల అధికారి ఆమోదం పడలేదు. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. డబ్బు సోమవారం, 15న వెళ్లింది.

ముందు వడ్డీ ఎలా లెక్కగట్టారో చూడండి

బిల్లు వెనకో, అడుగునో చిన్న అక్షరాల్లో ఉండే షరతు చదవండి. ఏడాదికి 24 శాతం అని ఉంటే, పై బిల్లుకు రోజుకు దాదాపు రూ.421 పడుతుంది. మూడు రోజులకు రూ.1,262. కానీ కొందరు ‘గడువు దాటితే బిల్లు తేదీ నుంచే వడ్డీ’ అని రాసుకుంటారు. అప్పుడు లెక్క 33 రోజులకు వెళ్లి రూ.13,887 అవుతుంది. గొడవంతా ఇక్కడే. మీ బిల్లులో ఏ షరతు ఉందో తెలియకుండా ఫోన్ చేస్తే, ఎంత మాఫీ అడుగుతున్నారో మీకే తెలియదు.

ఆలస్యపు వడ్డీ మీద జీఎస్టీ కూడా ఉంటుంది, ఎందుకంటే చట్టం దాన్ని సరుకు విలువలో భాగంగానే చూస్తుంది. జీఎస్టీతో సహా డెబిట్ నోట్ వచ్చిందా, లేక ఉత్త లెడ్జర్ ఎంట్రీయేనా అన్నది చూసిపెట్టుకోండి. చివర్లో అవసరమవుతుంది.

ఈలోగా అసలు బాకీలో పైసా కూడా ఆపొద్దు. తర్వాతి బిల్లులో వడ్డీ మొత్తం కోసుకుని మిగతాది పంపేవాళ్లుంటారు. అలా చేస్తే ఆ బిల్లు కూడా ‘పూర్తిగా చెల్లించనిది’ అవుతుంది, దాని మీదా వడ్డీ మొదలవుతుంది.

తప్పు ఎవరిదో మీకు మీరు తేల్చుకోండి

ఖాతా నంబరులో ఒక అంకె తప్పు రాసి డబ్బు వెనక్కి వస్తే అది బ్యాంకు ఆలస్యం కాదు. పాత ఐఎఫ్‌ఎస్‌సీ వాడినా అంతే. అలాంటప్పుడు ‘మా పొరపాటు, ఇదే మొదటిసారి’ అని నేరుగా అడగండి. బ్యాంకు మీద నెట్టేస్తే, వాళ్ల అకౌంట్స్ విభాగం రిటర్న్ కారణం అడిగిన రోజున మాట పోతుంది.

నిజంగా బ్యాంకుదే అయితే మూడు కాగితాలు కావాలి.

1. ముద్ర, తేదీ ఉన్న ఫారం కౌంటర్‌ఫాయిల్. వేళ కూడా రాయించుకుని ఉంటే ఇంకా మంచిది.
2. 11 నుంచి 15 వరకు ఖాతా స్టేట్‌మెంట్. 12న రూ.6,40,000 కంటే ఎక్కువ నిల్వ ఉన్నట్టు, 15న డెబిట్ అయినట్టు, యూటీఆర్ నంబరుతో సహా కనిపించాలి. అన్నిటికంటే బలమైన కాగితం ఇదే. డబ్బు మూడు రోజులు కదలకుండా ఖాతాలోనే ఉందని చూస్తే ‘డబ్బు లేక ఆపారు’ అన్న అనుమానం అక్కడితో పోతుంది.
3. బ్రాంచి లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు: ఫారం ఏ రోజు అందింది, లావాదేవీ ఏ రోజు పూర్తయింది. ‘మా తప్పు’ అని మేనేజరు రాయరు, రాయమని పట్టుబట్టొద్దు. రెండు తేదీలు చాలు. లెటర్ ఇవ్వకపోతే బ్రాంచి ఈమెయిల్‌కు అదే ప్రశ్న రాసి, వచ్చిన జవాబును జత చేయండి.

ఒక ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి. 2020 డిసెంబరు 14 నుంచి ఆర్‌టీజీఎస్ రోజంతా, సెలవు రోజుల్లోనూ నడుస్తోంది. ‘శనివారం నెట్ బ్యాంకింగ్‌లో పంపొచ్చు కదా?’ అని అడుగుతారు. మీ ఖాతాకు రోజువారీ పరిమితి తక్కువైతే ఆ మాటే చెప్పండి. ఫారం వెళ్లిపోయిందనుకుని చూసుకోలేదా? అదీ చెప్పండి. నమ్మేలా ఉంటుంది, ఎందుకంటే అందరికీ జరిగేదే.

ఎవరికి, ఎప్పుడు రాయాలి?

ముందు సేల్స్ మనిషికి ఫోన్ చేసి విషయం చెప్పండి. మీ ఆర్డర్లు ఆగకుండా చూసుకోవడం అతనికీ అవసరమే, లోపల మాట సాయం చేస్తాడు. కానీ మాఫీ చేసే అధికారం అతనికి ఉండదు. ఉత్తరం అకౌంట్స్ విభాగానికి వెళ్లాలి, అతనికి కాపీ పెట్టాలి. డెబిట్ నోట్ ఇంకా రాకపోతే ఆ రోజే రాయండి, ఇంకా వెయ్యని వడ్డీని ఆపడం వాళ్లకూ తేలిక. ఉత్తరం ఒక పేజీ దాటొద్దు:

> అకౌంట్స్ మేనేజరు గారికి,
>
> విషయం: నవంబరు 12 నాటి బిల్లుపై వేసిన ఆలస్యపు వడ్డీ రూ.13,887, దానిపై జీఎస్టీ రద్దు కోసం.
>
> పై బిల్లు మొత్తం రూ.6,40,000కు గడువు తేదీ డిసెంబరు 12నే మా బ్యాంకులో ఆర్‌టీజీఎస్ ఫారం ఇచ్చాం. ఆ రోజు మా ఖాతాలో సరిపడా నిల్వ ఉంది. బ్రాంచిలో ఆమోదం పడకపోవడంతో, రెండు సెలవుల తర్వాత 15న మీకు జమ అయింది. కౌంటర్‌ఫాయిల్, స్టేట్‌మెంట్, బ్యాంకు లెటర్ జతచేశాం.
>
> గత పన్నెండు నెలల్లో మా బిల్లులన్నీ గడువులోపే చెల్లించాం. మీ లెడ్జర్‌లో చూడగలరు. ఈ ఒక్కసారికి వడ్డీ పూర్తిగా రద్దు చేయగలరు. ఇకపై గడువుకు రెండు పనిదినాల ముందే పంపుతాం.
>
> మీ నిర్ణయం ఈ నెల 31 లోపు ఈమెయిల్‌లో తెలపగలరు.

పన్నెండు నెలల మాట నిజమైతేనే రాయండి. మధ్యలో ఒకసారి ఆలస్యమై ఉంటే దాచకుండా ‘ఒక్కటి తప్ప’ అని రాయండి, వాళ్ల దగ్గరా లెడ్జర్ ఉంటుంది.

పూర్తి మాఫీ కుదరదంటే రెండో మెట్టు ఉంది. 33 రోజులకు కాకుండా నిజంగా ఆలస్యమైన మూడు రోజులకే వడ్డీ వేయమని అడగండి. రూ.13,887 రూ.1,262కు దిగుతుంది. కానీ దీన్ని మొదటి ఉత్తరంలో రాయొద్దు. రాస్తే బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక హద్దు గుర్తుంచుకోండి. సప్లయర్ ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీదారు అయి, చెల్లింపు రాతపూర్వకంగా ఒప్పుకున్న, గరిష్ఠంగా 45 రోజుల గడువు దాటితే వ్యవహారం మారుతుంది. అప్పుడు బిల్లు షరతుతో పని లేకుండా చట్టమే చక్రవడ్డీ వేస్తుంది. అది ఆడిటర్‌తో మాట్లాడాల్సిన విషయం.

‘సరే’ అన్న తర్వాత

ఫోన్లో ‘చూస్తాంలెండి, సరే’ అన్న మాఫీ మార్చి చివర బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితంలో మళ్లీ బాకీగా తేలుతుంది. అప్పటికి ఆ మాట అన్న మనిషి అక్కడ ఉండకపోవచ్చు. అందుకే రాతపూర్వకంగా తీసుకోండి. ఉత్త లెడ్జర్ ఎంట్రీ అయితే దాన్ని వెనక్కి తిప్పి, కొత్త లెడ్జర్ కాపీ పంపమనండి. జీఎస్టీతో డెబిట్ నోట్ వచ్చి ఉంటే క్రెడిట్ నోట్ ఇవ్వమనండి. అది మీ జీఎస్టీఆర్-2బిలో కనిపించాక, ఆ డెబిట్ నోట్ మీద మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే దాన్ని వెనక్కి ఇవ్వాలి.