రెండర్‌లో మనిషి తల ఎక్కడికి పోయింది?

బర్కత్‌పురలో చిన్న లైబ్రరీ, ఈ సెమిస్టర్ మా ఆర్కిటెక్చర్ స్టూడియో ప్రాజెక్ట్. జ్యూరీకి ముందు రాత్రి మోడల్ స్క్రీన్‌షాట్ ఇచ్చి ఏఐతో రెండర్, అంటే కట్టాక ఎలా ఉంటుందో చూపే బొమ్మ, తీశాను. మెట్లెక్కే మనిషి కావాలంటే పెట్టింది కానీ, తల బీమ్ వెనక!

ఏఐ తప్పే అనుకుని మళ్లీ తీశాను. ఈసారి మనిషి నడుం వంచి ఎక్కుతున్నాడు. మూడోసారి బీమే మాయం. టెన్షన్ పట్టుకుంది. "బొమ్మ మీద స్కేల్ పెట్టలేవు కదే, సెక్షన్ కోసి చూడు" అంది రూమ్మేట్.

ప్లాన్‌ను నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున కోస్తాం కాబట్టి పైనున్న బీమ్ అక్కడ కళ్లకు ఆనలేదు. బిల్డింగ్‌ను నిలువుగా కోసి చూపే నా సెక్షన్ గీతేమో మెట్లను తప్పించుకుని పోయింది. మెట్ల మీదుగా కొత్తగా కోశాను. బీమ్ అడుగు 3.15 మీటర్ల ఎత్తులో ఉంది. సరిగ్గా దాని కింద తొమ్మిదో మెట్టు, ఒక్కోటి 150 మిల్లీమీటర్ల చొప్పున 1.35 మీటర్లు. తలకు మిగిలింది 1.8 మీటర్లే. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2.2 అడుగుతుంది.

బీమ్‌ను మూడు మెట్లు, అంటే 900 మిల్లీమీటర్లు, కిందివైపు ఆరో మెట్టు మీదికి జరిపి, మెట్ల పైన స్లాబ్‌లో వదిలిన ఖాళీ పెంచాను. ఇప్పుడు 2.25 మీటర్లు. పైన రీడింగ్ రూమ్‌లో రెండు టేబుళ్లు పోయాయి.