డబుల్ కా మీఠా: అంచులు కరకరలాడుతూనే మధ్యలో పాలు పీల్చుకోవాలంటే ఎట్ట చేయాలి?

మన నెల్లూరు, కావలి సైడు ఫంక్షన్లలో బిర్యానీ పక్కన వేసే బ్రెడ్ హల్వా తెలుసు గదా, గరిటెతో మెదిపి మెదిపి ముద్ద చేసేస్తారు, అది వేరే. హైదరాబాదు వాళ్ళ డబుల్ కా మీఠాలో ముక్క ముక్కలాగే ఉండాలి, నోట్లో పెట్టుకుంటే అంచు కర్రుమనాలి, మధ్యలో మాత్రం చిక్కటి పాలు ఊరాలి. ఇంట్లో చేస్తే చాలామందికి ఈ రెండోది వస్తాది, మొదటిది రాదు. ఎందుకంటే ముక్క మొత్తాన్ని పాకంలో ముంచి, మళ్ళీ మొత్తాన్ని పాలల్లో పడుకోబెడతారు, ఇంక కరకర ఎక్కడుంటాది చెప్పండి. అంచుకి ఒక పని, మధ్యకి ఒక పని అని విడదీసుకుంటే అయిపోతాది.

నలుగురైదుగురికి కావాల్సినవి: మిల్క్ బ్రెడ్ 8 స్లైసులు, గేదె పాలు 1 లీటరు, పంచదార 200 గ్రాములు, వేయించడానికి నూనె 150 ఎం.ఎల్., నెయ్యి 50 గ్రాములు, యాలకులు 5, జీడిపప్పు గుప్పెడు, ఉంటే కాస్త కుంకుమపువ్వు. కలర్ వేయొద్దు, బ్రెడ్ బాగా వేగితే ఆ రంగే చాలు.

ముందు రోజు: బ్రెడ్ ఆరబెట్టడం

బ్రౌన్ అంచులు కట్ చేసి పారేయొద్దు. ఆ అంచు మధ్య భాగం కంటే గట్టిగా ఉంటాది, పాలు తొందరగా పీల్చదు, మనకి కావాల్సిన కరకర దాంట్లోనే ఉండేది. స్లైసుని ఐమూలగా కోసి రెండు త్రికోణాలు చేయండి. ఒక్కో ముక్కకి రెండు పక్కల బ్రౌన్ అంచు, ఒక పక్క కోసిన తెల్లటి అంచు వస్తాయి, ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది.

ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పళ్ళెంలో పరిచి రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేయండి. మే నెల ఎండల్లో అయితే మనకి గంటలోనే గలగలమంటాయి గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, గాలంతా తేమ, అప్పుడు ఫ్యాన్‌ని నమ్ముకోకుండా పెనం మీద సన్న మంటన నూనె లేకుండా అటూ ఇటూ తిప్పి ఆరబెట్టండి. వంచితే వంగకుండా విరగబోతున్నట్టుండాలి. తడి ఉన్న బ్రెడ్ వేయిస్తే పైన ఎర్రగా అవుతాది, లోపల మెత్తగా ఉండిపోయి పది నిమిషాల్లో ఆ తడే అంచుకి వచ్చేస్తాది.

పాలు

మందపాటి, వెడల్పాటి గిన్నెలో పాలు పోసి మీడియం మంట మీద పెట్టండి. పోయగానే చెక్క గరిటె నిలబెట్టి పాలు ఎక్కడిదాకా తడిపాయో చూసుకోండి, ఆ తడి మూడో వంతుకి కాస్త పైన ఉండేదాకా మరగాలి, ముప్పావు గంట అటూ ఇటూ పడతాది. పక్కలకి అంటిన మీగడని గీకి మళ్ళీ పాలల్లోకే నెడుతుండండి.

ఇక్కడే చాలామంది కంగారుపడి కస్టర్డ్ పౌడరో మిల్క్ పౌడరో కలిపేస్తారు, నాకైతే నచ్చదు, జిగురుగా ముక్క మీదే కూర్చుంటాది తప్ప లోపలికి దిగదు. పాలు మరీ చిక్కబడినా ఇదే సమస్య. గరిటె వెనక వేలితో గీత గీస్తే గీత నిలవాలి, కానీ గరిటె వంచితే పాలు జారాలి, ఆ దగ్గర ఆపేయండి. యాలకుల పొడి, కుంకుమపువ్వు ఇప్పుడే వేయండి, పంచదార మాత్రం ఇప్పుడొద్దు.

వేయించడం

చిన్న బాండలిలో నూనె, నెయ్యి కలిపి కాచి ముందు జీడిపప్పు వేయించి తీసేయండి. తర్వాత బ్రెడ్ పొడి చిటికెడు వేసి చూడండి, వెంటనే బుడగలతో పైకి తేలాలి, నల్లబడకూడదు. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు, అప్పుడు వేస్తే బ్రెడ్ నూనె తాగేస్తాది.

రెండు మూడు ముక్కల కంటే ఎక్కువ వేయొద్దు, మీడియం మంట. వేయగానే బుడగలు గోలగా వస్తాయి, అది లోపలి తడి పోతుండేది. తిప్పుకుంటా ఉంటే రెండు మూడు నిమిషాలకి బుడగలు తగ్గిపోతాయి, ముక్క తేలికైపోతాది, అప్పుడు తీయాలి. రంగు వచ్చింది గదా అని బుడగలు వస్తుండగానే తీస్తే మెత్తబడతాది. తీసినవాటిని పళ్ళెంలో పడుకోబెట్టకుండా జల్లెడలో నిలబెట్టండి, లేకపోతే కింద ఆవిరి పట్టి ఒకవైపు చెమర్చి ఊరికే మెత్తబడిపోతాది.

అంచుకి పాకం

200 గ్రాముల పంచదారకి 100 ఎం.ఎల్. నీళ్ళు పోసి తీగపాకం రానివ్వండి, వేళ్ళ మధ్య ఒక తీగ సాగాలి. నిమ్మరసం పిండొద్దు, ఇక్కడ పాకం కాస్త గడ్డకట్టడమే కావాలి. ముక్కని కోసిన పక్క పట్టుకుని రెండు బ్రౌన్ అంచుల్ని మాత్రం పాకంలో ముంచి రెండు సెకన్లలో తీసేయండి, మధ్యలోకి రానివ్వొద్దు. జల్లెడ మీద పది పదిహేను నిమిషాలు ఆరితే బాదుషాకి పట్టినట్టు అంచుకి పంచదార పొర పడతాది, పాల తడిని కాసేపు అడ్డుకునేది ఆ పొరే. అంచులు ముంచుతుండగానే గిన్నెలో పాకం గట్టిపడితే స్పూను నీళ్ళు పోసి మళ్ళీ వేడి చేసుకోండి.

మిగిలిన పాకాన్ని పాలల్లో కొంచెం కొంచెం పోసి రుచి చూసుకోండి, మొత్తం పట్టదు.

అమర్చడం

లోతు తక్కువున్న వెడల్పాటి గిన్నె తీసుకుని ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి ఏటవాలుగా పెట్టండి, కోసిన తెల్ల పక్క కిందికి, బ్రౌన్ అంచులు కలిసే కొన పైకి. పాలు గోరువెచ్చ కంటే కొంచెం వేడిగా ఉండాలి. ముక్కల మీద కాకుండా గిన్నె పక్క నుంచి పోయండి, సగం ఎత్తు దాకానే. పాలు కింద నుంచి మధ్యలోకి వాటంతటవే ఎక్కుతాయి, కొనలు పైనే ఉంటాయి కాబట్టి తడవవు. పావుగంటకి తినొచ్చు, అరగంట దాకా అంచు గట్టిగానే ఉంటాది, గంట దాటితే దేవుడే దిక్కు.

అందుకే టైము వెనక నుంచి లెక్కేసుకోవాలి. ఆదివారం చుట్టాలొచ్చి ఒంటిగంటకి భోజనానికి కూర్చుంటారు, రెండింటికి స్వీటు అనుకోండి, పదకొండుకి పాలు పెట్టండి, పన్నెండుకి వేయించి, పన్నెండున్నరకి అంచులకి పాకం పట్టించి వదిలేయండి. వాళ్ళు బిర్యానీ చివర్లో ఉన్నప్పుడు పాలు వెచ్చచేసి, ఒకటి ముప్పావుకి పోసి పైన జీడిపప్పు చల్లండి. ఎవరన్నా లేటుగా వస్తారనుకుంటే వాళ్ళ ముక్కలు డబ్బాలో, పాలు గిన్నెలో విడిగా ఉంచి, వచ్చాక ప్లేటులోనే పోసివ్వడం మేలు.

అంచు మెత్తబడిందంటే ముక్కని నొక్కి చూడండి. నూనె కారితే మంట చాలలేదు, పాలు కారితే పాలు పల్చన. రెండూ లేకుండా మధ్యలో పొడిగా ఉంటే పాలు మరీ చిక్కనో, చల్లారిపోయాయో, ముక్క మధ్యలో ఒక స్పూను కాచిన మామూలు పాలు పోస్తే సర్దుకుంటాది.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, నెయ్యి పేరుకుని అంచు తోలులాగా సాగుతాది. పాలు పోయని ముక్కలు మిగిలితే గాలి పోని స్టీలు డబ్బాలో పెట్టేయండి, మర్నాటికి బానే ఉంటాయి.