ఈజిప్టు ‘సెనెట్’ ఆట: పటం గీసుకుని ఇంట్లో ఆడడం ఎలా?

సూర్యదేవుడు రా ఆకాశదేవత నూత్ మీద కోపించి, ఏడాదిలో ఏ రోజునా ఆమెకు కాన్పు కాకూడదని శపించాడట. అప్పట్లో ఏడాదికి 360 రోజులే. జ్ఞానదేవుడు థోత్ చంద్రుడితో పటం మీద ఆట ఆడి, వెన్నెలలో కొద్ది కొద్ది వంతు గెలుచుకుని, దానితో అయిదు కొత్త రోజులు తయారుచేశాడు. అవి ఏ నెలకూ చెందని రోజులు కాబట్టి శాపం వాటిని తాకలేదు. ఒసైరిస్, ఐసిస్, సెత్ వంటి దేవతలు ఆ అయిదు రోజుల్లో పుట్టారు. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టిన ఈ కథలో ఆట పేరు లేదు. ఈజిప్టులో అన్నిటికంటే ఎక్కువ కాలం ఆడిన పటం ఆట మాత్రం సెనెట్. మూడో రాజవంశం నాటి అధికారి హెసీ-రా సమాధి గోడ మీద దాని బొమ్మ ఉంది. 1922లో తెరిచిన టుటన్‌ఖామున్ సమాధిలో ఏకంగా సెనెట్ పటాలే దొరికాయి. రాణి నెఫెర్తారి సమాధిలో ఆమె సెనెట్ ముందు కూర్చుని ఉంటుంది, ఎదురుగా ఆటగాడు కనిపించడు. ఆ కాలానికి ఇది కాలక్షేపం స్థాయి దాటి, చనిపోయిన ఆత్మ పాతాళం దాటి సూర్యుణ్ని చేరే ప్రయాణంగా మారిపోయింది.

ఒక విషయం ముందే తెలియాలి. పటాలు, కాయలు, పుల్లలు దొరికాయి గానీ ఆట నియమాలు పూర్తిగా రాసిన పత్రం దొరకలేదు. బొమ్మలను, గడుల మీది గుర్తులను, మతగ్రంథాల్లోని ప్రస్తావనలను పట్టుకుని పరిశోధకులు నియమాలను తిరిగి కూర్చారు. వాళ్లలో టిమోతీ కెండాల్ కూర్పు బాగా ప్రచారంలో ఉంది. కింద ఉన్నది అదే దారిలో, ఇంట్లో ఆడడానికి వీలుగా సరిచేసుకున్న పద్ధతి. మరోచోట వేరే నియమం కనిపిస్తే రెండూ ఊహలేనని గుర్తుంచుకుని, ఆట మొదలయ్యే ముందే ఒకటి ఖాయం చేసుకోండి.

పటం గీయడం

40 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టముక్క చాలు. 4 సెంటీమీటర్ల గడులుగా విభజిస్తే వరుసకు 10 చొప్పున మూడు వరుసలు, మొత్తం 30 గడులు వస్తాయి. ఈ కొలత ఎందుకంటే క్యారమ్ కాయలు వాటిలో ఇబ్బంది లేకుండా కూర్చుంటాయి. ఆటకు తెల్లవి అయిదు, నల్లవి అయిదు కావాలి.

అంకెలు వేయడంలోనే ఎక్కువమంది తప్పుతారు. దారి పాము నడకలా వంకర తిరుగుతుంది. పై వరుసలో ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10, మధ్య వరుసలో కుడి నుంచి ఎడమకు 11 నుంచి 20, కింది వరుసలో మళ్లీ ఎడమ నుంచి కుడికి 21 నుంచి 30. మూడు వరుసలకూ ఎడమ నుంచే అంకెలు వేస్తే 10 దాటిన కాయ పటం అవతలి అంచుకు ఎగరాల్సి వస్తుంది, ఆట చెడుతుంది. సరిగా వేశామో లేదో చూడడానికి ఆరో నిలువు వరుస చూడండి: పై నుంచి కిందికి 6, 15, 26 ఉండాలి.

ఇప్పుడు ఆరు గడుల్లో గుర్తులు గీయండి. ఈ పని వదిలేయకండి, కథ అంతా ఇక్కడే ఉంది. 15లో ప్రాణానికి గుర్తయిన అంఖ్, అంటే పైన ఉంగరం ఉన్న శిలువ ఆకారం. ఇది పునర్జన్మ గడి. 26లో మంచికీ అందానికీ గుర్తయిన నెఫెర్, దీన్ని సుందర గృహం అనుకోవచ్చు. 27లో మూడు అలల గీతలు, నీటి గడి. సృష్టికి ముందున్న అల్లకల్లోలపు జలాలను ఈజిప్షియన్లు నూన్ అన్నారు, ఆత్మ మునిగే నీళ్లను ఆ భావంతోనే చూడొచ్చు. 28లో మూడు గీతలు లేదా మూడు పక్షులు, 29లో రెండు గీతలు లేదా ఇద్దరు మనుషులు. 30లో డేగ, అది హోరస్ దేవుడి గుర్తు. దొరికిన పటాల్లో బొమ్మలు ఒకదానికొకటి కొంత తేడాగా ఉన్నా మూడు, రెండు అనే లెక్క చాలావాటిలో కనిపిస్తుంది.

పుల్లలు

ఈజిప్షియన్లు పాచికలకు బదులు నిలువుగా చీల్చిన నాలుగు పుల్లలు విసిరేవారు. ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉండేవి. మనకు నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లలు తీసుకుని ఒకవైపు నల్లరంగు వేస్తే సరిపోతుంది. అష్టాచెమ్మా ఆడేవాళ్ల ఇంట్లో అరగదీసిన చింతపిక్కలు ఉంటే అవీ పనికొస్తాయి: తెల్లవైపు లెక్క, నల్లవైపు సున్నా. గవ్వలు మాత్రం ఒకవైపే ఎక్కువ పడే అవకాశం ఉంది. వాడదలిస్తే ఒక్కొక్కటి 20 సార్లు విసిరి చూడండి. 15 సార్లకు మించి ఒకేవైపు పడే గవ్వను మార్చండి.

ఎన్ని తెల్లవైపులు పైకి పడితే అన్ని గడులు: 1, 2, 3, 4. అన్నీ నల్లగా పడితే 5. అష్టాచెమ్మాలో అలాంటి పందేనికి 8 ఇచ్చే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. 1, 4, 5 పడితే మళ్లీ వేయాలి. 2, 3 పడితే కదిలి, పుల్లలు ఎదుటివారికి ఇవ్వాలి.

రెండువైపులా సమంగా పడే పుల్లలైతే 16 విసుర్లలో సగటున 2 ఆరుసార్లు, 1 నాలుగుసార్లు, 3 నాలుగుసార్లు, 4 ఒకసారి, 5 ఒకసారి వస్తాయి. ఈ లెక్క చివర్లో పనికొస్తుంది.

మొదలు, నడక, కొట్టడం

కాయలను మొదటి పది గడుల్లో ఒకటి విడిచి ఒకటి పెట్టండి: సరి గడుల్లో నల్లవి, బేసి గడుల్లో తెల్లవి. ఎవరికి ముందు 1 పడితే వారివి నల్లకాయలు. వారు 10లోని కాయను 11కు జరిపి మళ్లీ వేస్తారు. ఎదుటివారి మొదటి కదలిక 9లోని కాయతోనే ఉండాలి. ఆ తర్వాత ఎవరి ఇష్టం వారిది.

గడిలో ఒక్క కాయే ఉండాలి. ఎదుటి కాయ ఉన్న గడిలో మీ పందెం పడితే ఆ కాయ బయటికి పోదు, మీరు బయలుదేరిన గడికి వెళ్తుంది. అంటే రెండూ చోటు మార్చుకుంటాయి. అందుకే దూరం నుంచి కొడితే ఎదుటివారికి ఎక్కువ నష్టం. అయితే ఒకే రంగు కాయలు రెండు వరుస గడుల్లో ఉంటే వాటిని కొట్టడానికి వీల్లేదు. మూడు వరుసగా ఉంటే ఎదుటి కాయ వాటిని దాటనూ లేదు. వరుస అంటే అంకెల వరుస. 10, 11 పక్కపక్కనే ఉన్నట్టు లెక్క. 6, 15 పటం మీద ఒకదానికొకటి ఆనుకుని కనిపించినా జంట కావు.

ముందుకు కదిలే కాయ ఏదైనా ఉంటే కదపాల్సిందే. ముందుకు దారి లేకపోతే ఏదైనా ఒక కాయను అన్ని గడులూ వెనక్కి, ఖాళీ గడిలోకి జరపాలి. అదీ కుదరకపోతే పందెం పోయినట్టే.

చివరి అయిదు ఇళ్లు

ప్రతి కాయా 26లో ఆగి తీరాలి, దూకి దాటకూడదు. సరిగ్గా ఆ పందెమే పడాలి. అందుకని 26కు ఎంత దూరంలో కాచుకుంటున్నారన్నది ముఖ్యం. 24లో ఉంటే 2 కావాలి, అదే అన్నిటికంటే తరచుగా పడేది. 22లో ఉంటే 4 కోసం కూర్చోకండి, 2 పడగానే 24కు రండి.

26 చేరాక 5 పడితే కాయ నేరుగా పండిపోతుంది. 4 పడితే 30కి, 3 పడితే 29కి, 2 పడితే 28కి వెళ్తుంది. 1 పడితే నీళ్లలో మునిగి 15కు, పునర్జన్మ గడికి, తిరిగి వస్తుంది. 15 నిండి ఉంటే దాని వెనక ఖాళీగా ఉన్న దగ్గరి గడికి. 28లోని కాయ 3 పడితేనే, 29లోనిది 2 పడితేనే పండుతుంది. 30లోనిది ఏ పందేనికైనా పండుతుంది. 26, 28, 29, 30లలో ఉన్న కాయను ఎవరూ కొట్టకూడదు.

ఒక పరిస్థితి చూద్దాం. తెల్లవారికి రెండు కాయలు పండాయి. మిగిలినవి 26, 24, 19లలో ఉన్నాయి. పందెం 1 పడింది. 26లోని కాయను కదిపితే మునుగుతుంది. 24ను 25కు జరిపితే ఇకపై 26 చేరడానికి 1 కావాలి, అది 2 కంటే తక్కువగా పడుతుంది. కాబట్టి 19ని 20కి జరపాలి. 1 పడింది కనుక మళ్లీ వేస్తారు. ఈసారి 2. 26 నిండి ఉంది కాబట్టి 24లోని కాయకు చోటు లేదు. 20ని 22కు జరపొచ్చు, లేదా 26ను 28కి పంపొచ్చు. నల్లకాయ ఏదైనా 23లోనో 25లోనో కాచుకుని ఉంటే 26లో కదలకుండా కూర్చోవడమే మేలు, వాళ్ల దారి మూసుకుపోతుంది. దగ్గర్లో నల్లకాయ లేకపోతే 28కి పంపి వెనకున్న తమ కాయలకు దారివ్వాలి.

కొత్తవాళ్లు ఓడేది ఎక్కువగా ఇక్కడే. నాలుగు కాయలను తొందరగా పండించి, చివరిదాన్ని ఒంటరిగా 26కు తెస్తారు. అప్పుడు 1 పడితే కదపడానికి మరో కాయ ఉండదు, నియమం ప్రకారం నీళ్లలోకి వెళ్లాల్సిందే. నాలుగింట ఒకవంతు ప్రమాదం అది. కాబట్టి చివరి రెండు కాయలను దగ్గరదగ్గరగా నడిపించండి. ఒకటి 26లో ఉన్నప్పుడు రెండోది 1కి కదలగలిగే చోట ఉండాలి. 19, 20లలో ఉంటే సరిపోతుంది, 25లో ఉంటే పనికిరాదు.

అయిదు కాయలనూ ముందు పండించినవారు గెలిచినట్టు. గడులకు సంఖ్యలు చెప్పకుండా పేర్లతో ఆడి చూడండి: ‘సుందర గృహం చేరాను’, ‘నీళ్లలో పడ్డావు, పునర్జన్మకు వెళ్లు’. వైకుంఠపాళిలో పాము నోట పడడం పూర్తిగా పందెం చేతిలోనే ఉంటుంది. ఇక్కడ ఏ కాయను ముందుకు పంపాలో, దేన్ని ఆపాలో మీరే ఎంచుకోవాలి. పిల్లలతో ఆడేటప్పుడు మొదటి ఆటకు మూడేసి కాయలతో, 1 నుంచి 6 గడుల్లో పెట్టి మొదలుపెట్టండి. ఎవరికి ముందు 1 పడితే వారు 6లోని కాయను, ఎదుటివారు 5లోనిదాన్ని తొలిసారి కదపాలి. చివరి ఇళ్ల సంగతి అర్థమయ్యాక అయిదుకు పెంచవచ్చు.