మాక్‌టెయిల్ షర్బత్‌లా ఉంటోందా? తేయాకు సోర్‌లో వచ్చే లోపాలు, వాటి సవరణ

ఆల్కహాల్ లేని పానీయం పెద్దల నోటికి తగ్గట్టు కుదరలేదని అనిపించినప్పుడు చాలామంది మరో పండ్ల రసమో, మరో రంగు సిరప్పో కలుపుతారు. లోపం సాధారణంగా అక్కడ ఉండదు. ఆల్కహాల్ మత్తుతో పాటు గొంతులో మంటను, నాలుక మీద చిక్కదనాన్ని, కాస్త చేదును కూడా ఇస్తుంది. దాన్ని తీసేసినప్పుడు ఆ మూడింటి స్థానమూ ఖాళీ అవుతుంది. ఏ స్థానం ఖాళీగా ఉందో రుచిని బట్టి గుర్తించడం ఎలాగో, విస్కీకి నిమ్మరసం, చక్కెర కలిపి కుదిపే విస్కీ సోర్ పద్ధతిలో చేసే తేయాకు సోర్‌ను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ఒక గ్లాసుకు మూల కొలతలు ఇవి: చిక్కగా తీసిన చల్లని టీ 90 మి.లీ., నిమ్మరసం 20 మి.లీ., చక్కెర, నీరు సమంగా కలిపిన సిరప్ 20 మి.లీ., కమలా తొక్క కషాయం 10 మి.లీ., అల్లం రసం అర టీస్పూను. వీటిని ఐసుతో షేకర్‌లో కుదిపి, వడగట్టి, చిన్న గ్లాసులో పోయాలి. కింద చెప్పే సవరణలన్నీ ఈ కొలతల మీదే జరుగుతాయి. ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ఒక్కొక్కటిగా మార్చండి.

సమస్య: రెండు గుక్కల్లో తాగేయాలనిపిస్తుంది, షర్బత్‌లా ఉంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే లోపం ఇదే. తీపీ పులుపూ మాత్రమే ఉన్న పానీయం దాహం తీర్చడానికి బాగుంటుంది కానీ, నెమ్మదిగా చప్పరించడానికి నోటిని ఎక్కడా ఆపదు. ఆ ఆపే పని చేదు, వగరు, కారం చేయాలి. ఇక్కడ చక్కెర తగ్గిస్తే సరిపోతుందని అనుకోవడం సహజమే కానీ, చేదు లేకుండా చక్కెర మాత్రమే తగ్గిస్తే పుల్లటి నీళ్లు మిగులుతాయి.

చేదుకు సులువైన మార్గం కమలా తొక్క. ఒక పండు తొక్కను, లోపలి తెల్లటి పొరతో సహా, 150 మి.లీ. నీటిలో సన్నని మంట మీద పది నిమిషాలు మరిగించి వడగట్టాలి. సువాసన పైతొక్కలోని నూనెది, చేదు ముఖ్యంగా తెల్లటి పొరది. మిఠాయి కోసమైతే ఆ పొరను గీకి పారేస్తారు, ఇక్కడ మాత్రం దానితోనే పని. కషాయాన్ని ముందుగా 10 మి.లీ. వేసి రుచి చూడండి. గుక్క మింగిన తర్వాత చేదు నాలుక వెనుక భాగాన కొద్దిసేపు నిలిచి, మళ్లీ గ్లాసు ఎత్తాలనిపిస్తే చాలు. అంతకంటే ఎక్కువసేపు నిలిచిందంటే మోతాదు మించింది. అప్పుడు చక్కెర పోయకుండా ముందు చిటికెడులో సగం ఉప్పు వేసి చూడండి. ఉప్పు చేదును అణచివేస్తుంది, అంత కొద్ది మోతాదులో ఉప్పదనం తెలియదు.

గొంతులో వెచ్చదనానికి అల్లం రసమే నమ్మదగినది. మిరియాలను సిరప్‌లో మరిగిస్తే మంచి వాసన వస్తుంది కానీ, వాటి ఘాటుకు కారణమైన పైపరిన్ నీటిలో సరిగా కరగదు కాబట్టి మంట ఆశించినంత రాదు.

సమస్య: టీ మసకబారింది, నోరు పిడచగట్టుకుపోతోంది

వేడి నీటిలో గట్టిగా మరిగించిన టీని ఫ్రిజ్‌లో పెడితే, కెఫీన్, టానిన్లు ఒకదానితో ఒకటి ముడిపడి, నీటి నుంచి విడివడి, టీని బురద రంగులోకి మారుస్తాయి. గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వేలు కనిపించదు. చెడిపోయినట్టు కాదు, కానీ మితిమీరిన వగరు కూడా సాధారణంగా ఆ టీలోనే ఉంటుంది. దాని మీద నిమ్మరసం పడితే నోరు మరింత పట్టేస్తుంది.

దీనికి పరిష్కారం చల్లని నీటిలోనే నానబెట్టడం. నీలగిరి ఆకు టీ 15 గ్రాములు అర లీటరు మంచినీటిలో వేసి, ఫ్రిజ్‌లో ఎనిమిది నుంచి పది గంటలు ఉంచి, పిండకుండా వడగట్టండి. చల్లటి నీరు టానిన్లను తక్కువగా లాగుతుంది కాబట్టి ఆకు ఎక్కువ వేసినా వగరు హద్దులో ఉంటుంది. పాల టీకి వాడే డస్ట్ రకం దీనికి పనికిరాదు, అది వడగట్టినా అడుగున నలుసుగా దిగుతుంది. పొగ వాసన ఇష్టపడేవారు ఆకులో ఐదోవంతు లాప్సాంగ్ సూచాంగ్ అనే పొగపట్టిన చైనా టీ కలుపుకోవచ్చు. అంతకు మించితే మిగతా రుచులన్నీ దాని కింద అణిగిపోతాయి.

సమస్య: మొదటి గుక్క బాగుంది, సగానికి వచ్చేసరికి నీళ్లలా ఉంది

ఇందులో రెండు కారణాలు కలిసి ఉంటాయి, వాటిని విడదీసి చూడాలి. ముందు కొలపాత్రతో పరీక్షించండి: షేకర్‌లో పోసింది సుమారు 145 మి.లీ. అయితే, కుదిపి వడగట్టాక ఎంత వచ్చిందో కొలవండి. 185 మి.లీ. దాటితే తప్పు ఐసుది. విస్కీ సోర్‌లో కరిగిన ఐసు ఆల్కహాల్ ఘాటును తగ్గించి మేలు చేస్తుంది. ఇక్కడ మూలమే నీరు కాబట్టి కరిగిన ప్రతి చుక్కా రుచిని పలుచన చేస్తుంది. టీ, సిరప్, కషాయం మూడూ ఫ్రిజ్ చల్లదనంలో ఉండాలి, ఐసు పెద్ద గడ్డలుగా ఉండాలి, కుదపడం ఎనిమిది సెకన్లకు మించకూడదు.

కొలత సరిగానే ఉండి, అయినా పలుచగా అనిపిస్తే లోపం చిక్కదనానిది. దానికి తుమ్మ జిగురు సిరప్ వాడండి. తినడానికి పనికొచ్చే తుమ్మ జిగురు పొడి 20 గ్రాములను 40 మి.లీ. గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉండలు లేకుండా కలిపి, 100 గ్రాముల చక్కెరను 60 మి.లీ. నీటిలో కరిగించిన పాకంలో చేర్చి, పలుచని బట్టలో వడగట్టండి. మూల కొలతల్లోని 20 మి.లీ. సిరప్‌కు బదులు ఇదే పోయాలి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: గోంద్ కతీరా అనే పేరుతో అమ్మేది వేరు, అది నీటిలో కరగకుండా జెల్లీలా ఉబ్బుతుంది.

పైన నురుగు కావాలంటే ఉప్పు వేయకుండా కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీరు 20 మి.లీ. చేర్చి, ఐసు లేకుండా ఒకసారి, ఐసుతో మరోసారి కుదపండి. కోడిగుడ్డు తెల్లసొన కూడా నురుగు ఇస్తుంది కానీ, దాని ప్రోటీన్ టానిన్లను పట్టుకుని వగరును లాగేసుకుంటుంది. అప్పుడు టీ మరింత గట్టిగా ఉండాలి, పైగా పచ్చిగుడ్డు గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇవ్వకూడదు.

సమస్య: పులుపు ఒక్కసారిగా గుచ్చి మాయమవుతోంది

నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం స్వభావమే అంత. నిమ్మరసాన్ని 15 మి.లీ.కి తగ్గించి, ఒక టీస్పూను పలుచని చింతపండు రసం కలిపితే అందులోని టార్టారిక్ ఆమ్లం వల్ల పులుపు నోట్లో కాస్త నిలుస్తుంది, ద్రాక్షసారాను గుర్తుచేస్తుంది. చింతపండు ఇంకాస్త పెరిగితే మాత్రం చారు రుచి వస్తుంది. నిమ్మరసం ఏ రోజుది ఆ రోజే పిండాలి. టీ మాత్రం ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది.

మద్యం పూర్తిగా మానేసినవారికి లేదా మతపరంగా ముట్టనివారికి చేస్తున్నప్పుడు చేదు కోసం బార్‌లలో వాడే బిటర్స్ సీసాను పక్కన పెట్టండి. అంగోస్టూరా బిటర్స్‌లో 44.7 శాతం ఆల్కహాల్ ఉంటుంది. కొంబుచా టీని పులియబెట్టి చేసేది, దానిలోనూ కొద్దిపాటి ఆల్కహాల్ ఉంటుంది. రాత్రి భోజనం తర్వాత ఇచ్చేటప్పుడు మరొక సంగతి చూసుకోవాలి: ఇంత గట్టి టీలో కెఫీన్ తక్కువేమీ కాదు, నిద్ర పట్టదనేవారికి అదే బరువు ఆకుతో కెఫీన్ లేని రూయిబోస్ నానబెట్టి వాడవచ్చు, వగరు మాత్రం కొంత తగ్గుతుంది కాబట్టి కమలా కషాయం మరో 5 మి.లీ. పెంచండి.