నవలంతటా నైతిక సందిగ్ధతను వాదించే ముందు జాగ్రత్తలు

దస్తయేవ్‌స్కీ ‘నేరము – శిక్ష’ (1866) మీద రాసేవారు ‘కథానాయకుడు రస్కోల్నికోవ్‌లో మంచీ చెడూ రెండూ ఉన్నాయి’ అన్న వాక్యాన్ని ముందే కొట్టివేయాలి. అది ఏ నవలకైనా సరిపోతుంది. కాదనడానికి వీలున్న వాదమే పెట్టుకోవాలి: వడ్డీవ్యాపారి హత్యకు అతను చెప్పుకునే కారణాలను అతని చేతలే ఖండిస్తాయి కనుక పాఠకుడి తీర్పు ఒకచోట నిలవదు.

ఆధారాలు మొదటి భాగంతో ఆగిపోలేదని సరిచూసుకోండి. వడ్డీవ్యాపారి డబ్బుతో ఎందరికో మేలు చేయవచ్చన్న లెక్క అక్కడ వినిపిస్తుంది, కానీ ఆ లెక్కలో లేని ఆమె చెల్లెలు లిజవేతా కూడా బలవుతుంది. రెండో భాగంలో అతను దోచిన సంచిని తెరిచైనా చూడకుండా రాయి కింద దాచి, తర్వాత తల్లి పంపిన డబ్బును మర్మెలాదోవ్ కుటుంబానికి ఇచ్చేస్తాడు. ఐదో భాగంలో, తన కోసమే చంపానని మర్మెలాదోవ్ కూతురు సోన్యాతో అంటాడు. కథ చెప్పడంతో సరిపెట్టకుండా, ప్రతి ఘట్టమూ అంతకుముందు మనం ఇచ్చుకున్న తీర్పును ఎలా మారుస్తుందో ఒక్కో వాక్యంలో రాసుకోండి.

చాలామంది వదిలేసేది ఉపసంహారాన్నే. జైలులోనూ మొదట అతను నేరానికి పశ్చాత్తాపపడడు. చివర్లో అతనిలో వచ్చే మార్పు మీ వాదానికి అడ్డొస్తే, దాన్ని దాచకుండా వాదాన్నే సవరించండి.