మొదటి నగ కొనేముందు: బిల్లులో మాటలు అర్థం చేసుకోండి

పెళ్లిళ్ల సీజన్లో, అక్షయ తృతీయకు నగల షాపులు కిటకిటలాడుతుంటాయి. సేల్స్‌మన్ తొందరలో ఉంటాడు, వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు, క్యాలిక్యులేటర్ మీద అంకెలు చకచకా పడిపోతాయి. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది అప్పుడే. బంగారంలో కల్తీ గురించి అందరూ భయపడతారు కానీ, హాల్‌మార్క్ ఉన్న నగకు ఆ భయం చాలావరకు తగ్గింది. ఇప్పుడు డబ్బు పోయేది ఎక్కువగా తూకం దగ్గర, తరుగు దగ్గర. అందుకే షాపుకు వెళ్లేముందే కొన్ని మాటలు తెలుసుకుని వెళ్లండి.

ముందు క్యారెట్. మేలిమి బంగారం 24 క్యారెట్లు. అది మెత్తగా ఉంటుంది కాబట్టి రాగి, వెండిలాంటివి కలిపి నగలు చేస్తారు. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారమైతే అది 22 క్యారెట్లు. అదే లెక్కను వెయ్యి పాళ్లకు చెబితే 916. 18 క్యారెట్లంటే 750. రోజూ వార్తల్లో రెండు రేట్లు చెబుతారు, 24 క్యారెట్లకు ఒకటి, 22 క్యారెట్లకు ఒకటి. మీరు కొనేది 22 క్యారెట్ల నగైతే బిల్లులో పడాల్సింది 22 రేటే. షాపుకు బయల్దేరే ముందు రెండూ చూసుకుని వెళ్లండి.

రాళ్ల దగ్గర కూడా క్యారెట్ అనే మాట వస్తుంది. అక్కడ దాని అర్థం వేరు, అది బరువు. 5 క్యారెట్ల రాళ్లంటే 1 గ్రాము. దీని అవసరం కాసేపట్లో వస్తుంది.

హాల్‌మార్క్ అంటే ఆ నగను పరీక్షించి, అందులో బంగారం ఎంత పాలు ఉందో ధ్రువీకరించి వేసిన ముద్ర. మన దేశంలో ఇది వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ పర్యవేక్షణలో జరుగుతుంది. నగ మీద మూడు గుర్తులుండాలి: త్రికోణం ఆకారంలో ఉండే బీఐఎస్ గుర్తు, 22కె916లాంటి స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే, ఒక్కో నగకు ఒక్కోటిగా ఇచ్చే హెచ్‌యూఐడీ నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. 2 గ్రాముల లోపు నగలు, కుందన్, పోల్కీ, జడావు రకాలు వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. ముద్ర చాలా చిన్నది, భూతద్దం ఇమ్మని అడగండి. ఫోన్లో `BIS Care` యాప్ తెరిచి `Verify HUID`లో ఆ నంబరు కొడితే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. చేతిలో ఉన్నది గాజు, యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ నగ పక్కన పెట్టేయండి.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. హాల్‌మార్క్ ఉందంటే అది 22 క్యారెట్లే అని అర్థం కాదు. 18 క్యారెట్లకూ, 14 క్యారెట్లకూ హాల్‌మార్క్ వేస్తారు. అందుకే ముద్ర ఉందా లేదా అని చూసి ఊరుకోకుండా, అందులో 916 ఉందో 750 ఉందో చదవాలి. ఇంకో మాట, హాల్‌మార్క్ చెప్పేది స్వచ్ఛత గురించే. మీకు ఎంత బరువుకు బిల్లు వేశారో దానికి సంబంధం లేదు. ఆ కాపలా మనమే కాసుకోవాలి. ఇక కేడీఎం అని ఇంకా కొందరు అంటుంటారు. అది క్యాడ్మియంతో అతుకు వేసే పాత పద్ధతి పేరు, స్వచ్ఛతకు ముద్ర కాదు.

ఇప్పుడు బిల్లు సంగతి. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కెంపులు పొదిగిన నెక్లెస్ ఒకటి తీసుకుందాం. కాటా మీద 20 గ్రాములు తూగింది. ఇది మొత్తం బరువు, షాపుల్లో గ్రాస్ వెయిట్ అంటారు. ట్యాగ్ మీద రాళ్లు 10 క్యారెట్లని ఉంది, అంటే 2 గ్రాములు. మిగిలిన 18 గ్రాములు నికర బంగారం, అదే నెట్ వెయిట్. లెక్క తేలిగ్గా ఉండటానికి 22 క్యారెట్ల రేటు గ్రాముకు 10,000 రూపాయలు అనుకుందాం. బంగారం విలువ 1,80,000.

దీని మీద తరుగు 12 శాతం అన్నారు. అది 21,600. రాళ్లకు 4,000. మొత్తం 2,05,600. దీని మీద జీఎస్టీ 3 శాతం, 6,168. హాల్‌మార్క్ చార్జీ ఒక్కో నగకు 45 రూపాయలు, దాని పన్నుతో కలిపి 53. చివరికి మీరు కట్టేది సుమారు 2,11,821.

అదే నెక్లెస్‌కు రాళ్ల బరువు తీయకుండా 20 గ్రాములకూ బంగారం రేటు కట్టి, తరుగు వేస్తే 2,24,000 అవుతుంది. సరైన లెక్కలో బంగారం, తరుగు కలిపి 2,01,600. తేడా 22,400, అదీ పన్ను కలపకముందు. రాళ్లను బంగారం ధరకు కొన్నట్టే. పైగా రాళ్లకు మళ్లీ విడిగా డబ్బు తీసుకుంటే మరీ అన్యాయం. నల్లపూసలు, ముత్యాలు, దారం, లోపల నింపిన లక్క, ఇవన్నీ తీసేశాకే బంగారం తూకం. ఆ బరువు ఎంతో బిల్లు కొట్టకముందే అడగండి.

తరుగు, వేస్టేజీ, వీఏ, మజూరీ, మేకింగ్: ఒక్కో షాపు ఒక్కో మాట వాడుతుంది. నగ తయారుచేసేటప్పుడు పోయే బంగారానికని తరుగు, పనికి కూలీ మజూరీ. ఒకప్పుడు అలా విడివిడిగా ఉండేవి. ఇప్పుడు ఆ శాతంలో పనివాడి కూలీ, షాపు లాభం కలిసే ఉంటాయి. మిషన్ మీద చేసిన సాదా గొలుసుకు తక్కువ, చేతిపని నగిషీలకు ఎక్కువ. బేరమాడదగ్గది కూడా ఇదే. సిగ్గుపడకండి, తగ్గించమని అడగడం అందరూ చేసేదే.

శాతం తక్కువగా ఉందని మాత్రం మురిసిపోకండి. పక్క షాపులో అదే 18 గ్రాములకు తరుగు 8 శాతమే అంటారు, కానీ గ్రాముకు 500 చొప్పున మజూరీ విడిగా వేస్తారు. 14,400కు 9,000 కలిస్తే 23,400. మొదటి షాపు 12 శాతం కంటే ఇదే ఎక్కువ. మేకింగ్ చార్జీలు లేవనే ఆఫర్లలోనూ తరుగు ఎంతో, గ్రాము రేటు ఎంతో చూడాలి. అందుకే నేనైతే ఒక్క ప్రశ్నే అడగమంటాను: బంగారం విలువ పైన, అన్నీ కలిపి, నేను ఎంత కడుతున్నాను? మన నెక్లెస్‌లో అది 31,821. రేటు మారకపోయినా, రేపు అమ్మబోతే ఈ డబ్బు సాధారణంగా తిరిగి రాదు. బంగారం విలువలోనూ కొంత కోత పెట్టొచ్చు. అవసరానికి దాచుకునే బంగారమైతే రాళ్ల నగ వద్దు, సాదా గొలుసో గాజులో తీసుకోండి.

చివరిగా కాగితం. ఎస్టిమేట్ చీటీ బిల్లు కాదు. జీఎస్టీ తప్పిస్తామని చీటీతో సరిపెడితే ఒప్పుకోకండి. అసలు బిల్లులో నగ పేరు, నికర బరువు, క్యారెట్లు, హాల్‌మార్క్ చార్జీ రాసి ఉండాలి. అనుమానం వస్తే బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రంలో ఫీజు కట్టి మీరే నగను పరీక్ష చేయించుకోవచ్చు. ముద్రలో చెప్పిన దానికంటే స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తగ్గిన బంగారం విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా అమ్మినవాళ్లు ఇవ్వాలని బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. అది అడగాలంటే మీ చేతిలో బిల్లు ఉండాలి.