పెళ్లి కార్డుల ఫోటో కింద "కనీసం 100" అని రాశాక వచ్చే తగవు

సమస్య: శుభలేఖల ఫోటోల కింద ధర, గడువు, కనీస సంఖ్య అన్నీ రాసి ఉన్నా, ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవారు "మీరు రాసింది ఒకటి, అడుగుతున్నది ఒకటి" అంటారు.

మొదట చూడవలసినది ఫోటో మీద డిజైన్ నంబరు ఉందా అన్నది. ఎంత చెప్పినా చాలామంది దీన్ని వదిలేస్తారు. నంబరు లేకపోతే "ఆ ఎర్ర కార్డు" అని ఫోనులో చెప్పినవారికి ఏ ఎర్ర కార్డు చూపాలో తెలియదు. తరువాత గడువు చూడండి. "4 రోజులు" అని మాత్రమే రాస్తే వినియోగదారుడు అడ్వాన్సు ఇచ్చిన రోజు నుంచి లెక్కిస్తాడు, ప్రెస్సు మాత్రం అచ్చుకు ముందు సరిచూడటానికి ఇచ్చే ప్రూఫ్ ఓకే అయిన రోజు నుంచి లెక్కిస్తుంది. ప్రూఫ్ పెద్దలందరికీ చూపించి తిరిగి పంపడానికి ఆ కుటుంబానికే మూడు రోజులు పట్టవచ్చు.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా తగవు వస్తోందంటే, కారణం "కనీసం 100" అన్న మాటలోనే ఉంటుంది. నేను చాలాసార్లు దెబ్బతిన్నది ఇక్కడే. అది మొత్తం కార్డులకా, ఒక్కో మ్యాటర్‌కా, అంటే కార్డు మీద అచ్చయ్యే ఒక్కో రాతకా అన్నది అందులో లేదు.

ఒక కుటుంబం 200 కార్డులు అడిగిందనుకుందాం: అమ్మాయి వైపు 100, అబ్బాయి వైపు 60, ఇంగ్లీషులో 40. స్క్రీన్ ప్రింటింగుకు 100 కార్డుల వరకు 700 రూపాయలు అని రాసి ఉంటే వారు రెండు వందలకు 1,400 అనుకుంటారు. ప్రెస్సు లెక్కలో మూడు మ్యాటర్లకు 2,100 అవుతుంది. పేర్లే కదా మారేది అని వారికి తోస్తుంది, కాని ఆహ్వానించేవారు మారితే "మా కుమార్తె చి.ల.సౌ." అన్న వాక్యం "మా కుమారుడు చి." అని మారి, కింది వరుసలన్నీ దానితో మారతాయి. ప్రతి మ్యాటర్‌కూ వేరే ఫిల్మ్ తీయాలి, స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేయాలి, కార్డుకు సరిపోయేలా సెట్టింగు చేయాలి. నలభై కార్డులకైనా వందకైనా ఈ శ్రమ ఒకటే.

పరిష్కారంగా ఫోటో కింద ఇలా రాయండి:

"డిజైన్ నం. 214. కవరుతో కార్డు 15 రూపాయలు. ముద్రణ ఒక్కో మ్యాటర్‌కు 100 కార్డుల వరకు 700 రూపాయలు. తక్కువ వేయించినా ఇదే ఖర్చు. అమ్మాయి వైపు, అబ్బాయి వైపు, ఇంగ్లీషు కార్డులు వేర్వేరు మ్యాటర్లు. ప్రూఫ్ ఓకే చేసిన మరుసటి రోజు నుంచి 4 పని దినాలు. ఖాళీ నమూనా దుకాణంలో చూడవచ్చు. ఇంటికి పంపాలంటే కొరియర్ ఖర్చు మీది."

ఫోనులో రంగు తేడాగా కనిపించింది, కార్డు పలుచగా ఉంది అనే ఫిర్యాదులు అరుదు; నమూనా చేతికిస్తే అవి అక్కడితో తీరతాయి. ఆర్డరు ఫారంలో మాత్రం కార్డుల సంఖ్య కన్నా ముందు "మ్యాటర్లు ఎన్ని?" అన్న గడిని పెట్టి, అడ్వాన్సు తీసుకునే ముందే నింపించండి.